వీడ్కోలు పలుకులు

మా పొరుగింటి బాలిక పదవ తరగతి చదువుచున్నది. ఉపాధ్యాయులకు వీడ్కోలు చెప్పు సభలో తాను చదువబోవు ఉపన్యాసమును మొన్న నాయొద్దకు దెచ్చి, "తాతగారూ, ఒక్కమారు చూచి దిద్దిపెట్టండి" అని యడిగెను. అది నాలుగు పుటలున్నది. ఆమెకిచ్చిన కాలము మూడు నిమిషములు.

మనసులో చదువుకొన్నప్పుడు మూడు నిమిషములే పట్టెనని యామె వాదించెను. నిలువబడి బిగ్గరగా చదువుమని చెప్పి గడియారము ముందుంచుకొంటిని. ఏడు నిమిషములు పట్టెను. మాటలు లెక్కింపగా 620 తేలినవి. అనగా నిమిషమునకు సుమారు 90. నవ్వులకును చప్పట్లకును అరనిమిషము విడిచినచో, మిగిలిన కాలములో ఇముడునవి 225 మాటలే.

ఇక వేనిని కొట్టివేయవలెను? ఒక యుపాధ్యాయుని పేరు తీసి మరియొకరి పేరుంచినను చెల్లు వాక్యమెల్ల కొట్టివేయుమంటిని. 'జ్ఞానజ్యోతులు', 'దయామయులు' మున్నగునవి యెల్ల పోయినవి. మూడవ పుట చివర నొక చిన్న వాక్యము మాత్రము నిలిచినది. తల్లి ఆసుపత్రిలో నున్నప్పుడు తప్పిపోయిన పాఠములను విజ్ఞానశాస్త్రపు పంతులమ్మగారు పది సాయంకాలములు వరండాలో కూర్చుండి చెప్పిరట. దానినే మొదటికి దెచ్చి, ఆ వరండాను, ఆ చీకటిపడు వేళను చేర్చి వ్రాయించితిని. తక్కిన యుపాధ్యాయుల పేర్లన్నియు, గంటకొట్టు నాతని పేరుతో సహా, ఒక్క వాక్యములో చేర్చితిమి. అందరిని చెప్పి యొకరిని మరచుట కంటె పెద్ద గాయము లేదు.

హాస్యములు మూడు. లెక్కల పరీక్షలో తాను చేసిన తప్పును గూర్చినది మొదటిది. తన్ను తాను నవ్వుకొనుట గనుక నుంచితిని. వ్యాయామోపాధ్యాయుడు వేపచెట్టు క్రింద కునుకు తీయుట రెండవది. పై యధికారి వేదికపై నుండగా నది పరిహాసము కాదు, ఫిర్యాదు. మూడవది తెలుగు మాస్టరుగారి నత్తి.

"ఆయనకూడ నవ్వుతారు తాతగారూ!" అనెను.

"నవ్వక యేమి చేయుదురమ్మా? వేదికపై కూర్చున్నవారికి వేరు దారి యేది?" అని, యెన్నడును చెప్పని మాట చెప్పితిని. నా పాఠశాల విడుచునాడు మా మాస్టరుగారి నత్తిని నేనును అనుకరించితిని. సభయంతయు నవ్వెను, ఆయనయు నవ్విరి. వారి కుమారుడు, నాకంటె రెండేండ్లు చిన్నవాడు, మూడవ వరుసలో తలవంచుకొని కూర్చుండెను. ఆ నవ్వుల నన్నిటిని మరచితిని. ఆ వంగిన తల మాత్రము నేటికిని మరపునకు రాదు.

"తరువాత క్షమాపణ చెప్పారా?"

"లేదమ్మా. సిగ్గుపడి తప్పించుకొని తిరిగితిని. ఇప్పుడు వారు లేరు."

ఆ బాలిక మాటాడక, నా చేతిలోని కలము తీసికొని, ఆ పంక్తిని తానే కొట్టివేసెను. మరల నిలువబడి చదివెను. రెండు నిమిషముల నలువది క్షణములు పట్టినది. వరండా మాట వచ్చినచోట నామె గొంతు కొంచెమాగెను. దానిని మాత్రము దిద్దలేదు.