ఆరిన పొయ్యి ఎందుకు పగిలింది?

మా చాల్‌లో పక్కింటి వదిన గ్యాస్ పొయ్యి పోయిన నెల దానంతటదే పగిలింది. రాత్రి పదిన్నర. రెండో షిఫ్టు నుంచి వచ్చిన అన్న స్నానం కూడా అయిపోయింది. నీళ్ళు కాగిన పెద్ద గంజు దించి, పొయ్యి ఆపి అరగంట దాటింది. ఢామ్మని శబ్దం! సిలిండరే పేలిందనుకొని అందరం బయటికి ఉరికినం.

చూస్తే సిలిండర్ బాగానే ఉంది. పొయ్యి మీది నల్లగాజు మాత్రం పటికబెల్లం పలుకుల్లా వంటిల్లంతా చెదిరి ఉంది.

మండేటప్పుడు పగలనిది ఆరినాక ఎట్లా పగిలిందని పొయ్యిలు బాగుచేసే మామను అడిగాను. ఈ గాజును ఆరు వందల డిగ్రీలకు పైగా కాల్చి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారట. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత ముడుచుకుంటూ దాన్ని లాగి పట్టుకుంటుంది. మగ్గం మీది పడుగుకున్నట్టు దానికీ ఎప్పుడూ బిగువు ఉంటుంది. దాని బలం ఆ బిగువే. కానీ గాటు ఒక్కచోట లోపలి పొరకు చేరిందా, బిగువంతా ఒకేసారి విడిపోతుంది.

వదిన పొయ్యి ముందు అంచున బియ్యపుగింజంత పెచ్చు ఊడి చాలా రోజులైందట. పైగా గంజు బర్నర్‌కన్నా ఎంతో వెడల్పు. మంట సెగ దాని అడుగుకు కొట్టుకొని గాజు మీదికే తిరిగొస్తుంది. నడిమి గాజు కాగి పెరుగుతుంది, చల్లగా ఉన్న అంచు సాగుతుంది. రోజూ కాగుతూ ఆరుతూ ఉంటే పెచ్చు దగ్గరి గాటు లోపలికి పాకుతుంది. అది చేరే ఘడియకు మంట ఉండాలనేం లేదు. కొన్ని గాజుల్లో తయారీలోనే నికెల్ సల్ఫైడ్ నలుసు చిక్కుకొని, ఏళ్ళ తర్వాత ఉబ్బి పగలగొడుతుంది. దాన్ని మనం ఇంట్లో కనిపెట్టలేం.

ఆ రాత్రి ముందు రెగ్యులేటర్ బంద్ చేసి, తలుపులు తెరిచాం. గ్యాసు వాసన రాలేదు. వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలి. పలుకులు ఇంకా చిటపటమంటూ చిట్లుతున్నాయి, అందుకని అవి సద్దుమణిగేదాకా ఆగాం. పిల్లల్ని గడప దాటనివ్వలేదు. చెప్పులేసుకొని అట్టముక్కతో పెద్దవి ఎత్తాం, సన్నవాటిని తడి పేపరుతో తుడిచి, చివరికి చపాతీ పిండిముద్ద నేలకద్దితే మిగిలినవి అంటుకొచ్చాయి. మూతలేని పప్పును కడుక్కోవచ్చు గదా అంది వదిన. గాజు కడిగితే పోదమ్మా, పారబోయించాను. పలుకుల్ని గోనెసంచిలో కట్టి, తెల్లారి ఘంటాగాడీ అతనికి గాజు అని చెప్పి ఇచ్చాం.

గాజు లేకుండా బర్నర్లు కదులుతాయి, కాబట్టి ఆ పొయ్యి వెలిగించకూడదు. వేరే గాజు కోయించి వేద్దామన్నా కుదరదు. ఒకసారి గట్టిచేసిన గాజుకు రంధ్రం పెట్టబోతే అదీ పలుకులైపోతుంది. అదే మోడల్‌ది తెప్పించాలి. వదిన స్టీలు పొయ్యి కొనుక్కుంది. స్నానాల నీళ్ళకు వాకిట్లో ఇనుప పొయ్యి పెట్టింది.