జీతమిచ్చే కంపెనీలోనే దాచుకోవాలా?

సీతంపేట ఏజెన్సీ నుంచి వెళ్లిన మా అన్నకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్‌లో జీతం కింద ‘ఈసాప్’ అని ఉంటే ఫొటో పంపి, "ఏటర్రా ఇది? అయ్య జీడిపిక్కల డబ్బుతో కొనీమంటారా?" అనడిగాడు. హాస్టల్లో మేం నలుగురం కూర్చుని చదివాం. మా ఇళ్లల్లో నెల జీతమే కొత్త, ఇంక షేర్లు ఎక్కడ!

అది షేరు కాదు. కొన్నేళ్లు పనిచేశాక, ముందే రాసిన ధరకి షేరు కొనుక్కునే హక్కు. రాసింది 50 రూపాయలు, కొన్నరోజు విలువ 180 అనుకోండి. వంద షేర్లకి తేడా 13,000. అమ్మకపోయినా దాన్ని జీతంలో కలిపి పన్ను వేస్తారు. తర్వాత ధర పడిపోయినా ఆ పన్ను వెనక్కి రాదు.

పడదనుకోవద్దు. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తప్పని ఒప్పుకున్నది 2009 జనవరి 7న. ముందురోజు 179 ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది. అక్కడి ఉద్యోగులకి జీతం మీద బెంగ, దాచుకున్న షేర్లకి దెబ్బ, రెండూ ఒకే పూట.

అందుకే బజార్లో అమ్ముడయ్యే షేరైతే కొన్న వెంటనే చాలావరకు అమ్మి, పన్ను పోగా మిగిలింది వేరేచోట దాచుకోమన్నాం. అన్న కంపెనీ ఇంకా లిస్ట్ కాలేదంట. అంటే అమ్ముదామన్నా కొనేవాడు ఉండడు. మానేస్తే ఎన్ని రోజుల్లో కొనాలో రాయించుకో, అయ్య డబ్బు మాత్రం ముట్టుకోకు అన్నాం. "సరేర్రా" అన్నాడు.