అట్ట మీద 1957

బనగానపల్లెలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక ఎల్పీ దొరికింది. మాయాబజార్ పాటలు. అట్ట మూల మీద తాత చేతిరాత, నీలం ఇంకుతో: 1957. తాత ఆ సినిమా వచ్చిన ఏడాదే రికార్డు కొన్నాడని మా ఇంట్లో చిన్నప్పటినుంచీ వింటున్న కథ. కె.వి. రెడ్డిది తాడిపత్రి, నాగిరెడ్డిది కడప జిల్లా. 'మనోళ్ల సినిమా' కాబట్టి కొన్నాడట.

హైదరాబాద్‌లో పాత రికార్డులు సేకరించే ఒకాయనకు బావ ఫోటో పంపాడు. 'మొదటి ప్రెస్సింగ్ అయితే మంచి రేటిస్తా' అన్నాడాయన. అవ్వ కంటి ఆపరేషన్ ఖర్చు అందులో వచ్చేస్తుందని బావ లెక్క. ప్రకటనలో '1957 ఒరిజినల్' అని రాయమని నాకు చెప్పాడు. రాసేముందు ఒకసారి చూద్దామని రికార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను.

నాకు అనుమానం వచ్చింది వస్తువు రూపం దగ్గరే. 1957లో మన సినిమా పాటలు వచ్చింది 78 వేగంతో తిరిగే లక్క రికార్డుల మీద. పది అంగుళాల పళ్లెం, బరువుగా, పెళుసుగా ఉంటుంది. ఒక్కో వైపు మూడు నిమిషాలు, అంటే ఒక్క పాట. నా చేతిలో ఉన్నది పన్నెండంగుళాల వినైల్. కొంచెం వంచితే వంగుతోంది, ఒక్కో వైపు బోలెడు పాటలు.

అట్ట వెనక కింద, చిన్న అక్షరాల్లో కంపెనీ చిరునామా: కలకత్తా 700 028. డమ్ డమ్ ఫ్యాక్టరీ. ఆ ఆరంకెల పిన్‌కోడ్ మన దేశంలో మొదలైంది 1972 ఆగస్టు 15న. కాబట్టి ఈ అట్ట అంతకుముందు అచ్చయ్యే అవకాశమే లేదు.

"అట్ట తర్వాత మార్చి ఉంటారు, లోపలి రికార్డు పాతదే కావొచ్చు కదా," అన్నాడు బావ. సరైన ప్రశ్నే. అట్ట మీది ఆధారం అట్ట వయసు మాత్రమే చెబుతుంది. అట్టలు చిరుగుతాయి, మారతాయి. అందుకే లేబుల్ చూడాలి.

ఎల్పీ లేబుల్‌ను తర్వాత జిగురుతో అంటించరు. వేడి వినైల్‌ను అచ్చులో నొక్కేటప్పుడే కాగితం కూడా అందులో కలిసిపోతుంది. గోరుతో అంచు తడిమితే మెట్టు తగలకూడదు. తగిలితే ఎవరో పైన వేరే కాగితం అంటించారన్నమాట. మాదాంట్లో తగల్లేదు. పాటలు అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి చోట ఒక నంబరు చెక్కి ఉంటుంది, మాట్రిక్స్ అంటారు. దీపం వాల్చి పట్టుకుంటే కనబడుతుంది. అది లేబుల్ మీద ఆ వైపుకి వేసిన నంబరుతో సరిపోయింది. అంటే లేబుల్, రికార్డు పుట్టుకతోనే ఒకటి. ఇక లేబుల్ ఏం చెబితే రికార్డుకీ అదే వర్తిస్తుంది.

లేబుల్ అంచున సున్నాలో పి అక్షరం ఉంది: ℗. సౌండ్ రికార్డింగ్ హక్కుల గుర్తు ఇది. 1961 రోమ్ ఒప్పందంతో వాడుకలోకి వచ్చింది. చాలామంది దీని పక్కనుండే సంవత్సరాన్ని రికార్డు తయారైన సంవత్సరం అనుకుంటారు. కాదు, అది ఆ రికార్డింగ్ మొదట విడుదలైన సంవత్సరం. పక్కన ఎంత పాత సంవత్సరం వేసినా, గుర్తు ఉందంటేనే ఆ లేబుల్ 1961 తర్వాతిది.

ఇవన్నీ 'అంతకుముందు కాదు' అని చెప్పే ఆధారాలు. కచ్చితంగా ఏ ఏడాదో చెప్పవు. ఇది నకిలీ అని కూడా చెప్పవు. అట్టను భూతద్దంతో చూశాను. బొమ్మ చుక్కలుగా ఉంది, అక్షరాలు మాత్రం నిండు నలుపు. అట్టను స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే సాధారణంగా అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. కంపెనీ రికార్డే, కాకపోతే తర్వాతి ప్రెస్సింగ్.

మరి తాత 1957 అని ఎందుకు రాశాడు? అబద్ధం చెప్పాడా? అడగాలంటే భయమేసింది. చివరికి అవ్వనే అడిగాను.

"ఇది ఆ ప్లేటెక్కడరా అబ్బీ! అది పెళుసుది. మీ నాయన పసోడప్పుడు జారిచ్చె, మూడు ముక్కలాయ. మీ తాత రెండ్రోజులు సరిగా అన్నం తినల్యా. మీ చిన్నత్త పెండ్లి చేసిన యేడు దీన్ని తెచ్చి, పాతదాని సంవత్సరం దీనిమీద రాసుకున్యాడు."

చిన్నత్త పెళ్లి 1977లో.

ప్రకటనలో ఇలా రాశాను: 'మాయాబజార్, ఎల్పీ, 1972 తర్వాతి ప్రెస్సింగ్. అట్ట మీద పెన్నుతో 1957 అని ఉంది, అది తయారైన సంవత్సరం కాదు.' హైదరాబాద్ ఆయన చెప్పిన కొత్త రేటు మొదటిదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆపరేషన్ డబ్బులు ఇద్దరం చెరిసగం వేసుకున్నాం. రికార్డు అమ్మలేదు.