గడువు అడిగే ఉత్తరం

మేము చదివింది అరవంలోనే, తెలుగు అక్షరాలు రైల్వేలో చేరినాక నేర్చుకున్నవి. వ్రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

వేలూరులో 1909లో ఐడా స్కడ్డర్ అమ్మగారు నర్సింగ్ స్కూల్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ జిల్లాలో ఆడపిల్లల్ని నర్సు చదువుకు పంపడం మామూలైపోయింది. మన గుడియాత్తం మగ్గం ఇళ్ళల్లో కూడా ఇప్పుడు వీధికి ఒక నర్సు పిల్ల ఉంది. అట్లా మూడో సంవత్సరం చదువుతున్న మన సంఘం పిల్ల ఒకతె పోయిన నెల ఒక శనివారం రాత్రి మాకు ఫోన్ చేసింది. ఆ ఇంటివాళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకున్నాకే ఇది వ్రాస్తున్నాము. పేరు, కాలేజీ చెప్పము.

ఆ వారం ఆ పిల్లకు మెడికల్ వార్డులో డ్యూటీ. ఒక పేషెంటును ఎంచుకుని ఐదు రోజులు చూసి, కేస్ స్టడీ వ్రాసి, సోమవారం క్లినికల్ సూపర్‌వైజర్ మేడమ్‌కు ఇవ్వాలి. సోమ, మంగళ, బుధ మూడు రోజులు బాగానే జరిగింది. గురువారం తెల్లవారి వాళ్ళ నాయన మగ్గం దగ్గరే పడిపోయినాడు. కుడి చెయ్యి, కుడి కాలు ఆడలేదు, మాట ముద్దగా వచ్చింది. పక్షవాతం. వేలూరుకు తెచ్చి ఆసుపత్రిలో చేర్చినారు. క్లాసు చూసుకునే టీచరుకు ఫోన్‌లో ఒక మాట చెప్పి పిల్ల అక్కడికి పరుగెత్తింది. ఇంట్లో నర్సు చదివేది ఆ పిల్ల ఒకతే కదా, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, మింగగలడో లేదో డాక్టరు చూసేదాకా నీళ్ళు కూడా నోట్లో పోయకుండా చుట్టాలను ఆపడం, అంతా ఆమె మీదే పడింది.

"పెదనాన్నా, రెండు రోజుల డ్యూటీ పోయింది, కేస్ స్టడీ సగంలో ఉంది. లీవు లెటర్లు వ్రాసిన చెయ్యి మీది, ఒక ఉత్తరం వ్రాసివ్వండి" అని అడిగింది. ముందు తాను వ్రాసుకున్నది చదివి వినిపించింది. రెండు పేజీలు. నాయన ఎట్లా పడినాడు, అమ్మ ఎట్లా ఏడ్చింది, అన్నీ ఉన్నాయి. కానీ ఎన్ని రోజులు గడువు కావాలో ఎక్కడా లేదు. "దయచేసి కొంత సమయం ఇవ్వండి" అని మాత్రం ఉంది. రైల్వేలో మా టేబుల్ మీదికి ఇట్లాంటివి చాలా వచ్చేవి. చదివితే మనసు కరుగుతుంది, కానీ ఏమని ఆర్డరు వేయాలో తెలియదు. ఫైలు అట్లానే ఉండిపోతుంది.

తర్వాత ఇంకో మాట మెల్లగా చెప్పింది. తోటి పిల్ల ఒకతె, "ఉత్తరం ఎందుకే? మూడు రోజుల బీపీ, నాడి, జ్వరం లెక్కలు నీ దగ్గర ఉన్నాయి కదా, మిగిలిన రెండు రోజులకూ అట్లాంటివే వేసి సోమవారం ఇచ్చెయ్" అనిందంట. "వేసేద్దునా పెదనాన్నా?" అని అడిగింది.

మేము కాసేపు మాట్లాడలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మేమూ అట్లాంటి పని చేసినాము. నాలుగు రోజులు నింపని రిజిస్టరును ఒకే మధ్యాహ్నం కూర్చుని పాత తేదీలు వేసి నింపినాము. తనిఖీకి వచ్చిన ఆయన పేజీని వెలుతురులో పట్టుకుని, "నాలుగు రోజులకూ ఒకే సిరా, ఒకే ఊపు. ఇది నాలుగు రోజుల వ్రాత కాదు" అన్నాడు. జీతంలో పోయింది తక్కువే, కానీ ఆ రోజు తలెత్తలేకపోయినాము. మాది ఉట్టి రిజిస్టరు. ఆ పిల్లది మనిషి ఒంటి లెక్క. దాన్ని ఊహించి వ్రాయడం ఒకసారి అలవాటైతే, రేపు నిజమైన వార్డులో రాత్రి డ్యూటీలో కూడా అదే చెయ్యి అదే పని చేస్తుంది. ఇదే చెప్పినాము. మా ఇంటామె ఫోన్ తీసుకుని, "మీ నాయన బీపీని అక్కడి నర్సు చూడకుండా వేస్తే ఒప్పుకుంటావా అమ్మా?" అని ఒకటే అడిగింది. పిల్ల ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రే ఉత్తరం కట్టినాము. అసలుది ఇంగ్లీషులో పోయింది, సారాంశం ఇది.

"మేడమ్‌కు నమస్కారం. నేను మూడో సంవత్సరం, ఫలానా నంబరు, ఈ వారం మెడికల్ వార్డు. గురువారం మా నాయనకు పక్షవాతం వచ్చి వేలూరులో చేర్చినాము. రాత్రులు నేనే తోడున్నాను. అడ్మిషన్ చీటీ నకలు జతచేసినాను. కేస్ స్టడీలో మూడు రోజుల పరిశీలన, నర్సింగ్ డయాగ్నోసిస్, ప్లాన్, చేసిన సేవ వ్రాయడం అయింది. చివరి రెండు రోజుల సేవ, ఫలితం చూసి వ్రాయడం కాలేదు. ఆ రోజులు నేను వార్డులో లేను గనుక ఆ లెక్కలు వ్రాయలేదు. సోమవారం ఇవ్వవలసినది తర్వాతి సోమవారం ఇవ్వడానికి అనుమతి కోరుతున్నాను. పోయిన రెండు డ్యూటీలను మీరు చెప్పిన రోజుల్లో చేస్తాను."

పేషెంటు పేరు, మంచం నంబరు వద్దన్నాము. అవి ఇంకొకరి గుట్టు, మన ఉత్తరంలో ఉండకూడదు.

చివరి వాక్యం ఎందుకంటే, గడువు వేరు, డ్యూటీ వేరు. కాగితం ఆలస్యమైతే మేడమ్ తన అధికారంలో ఒప్పుకోవచ్చు. కానీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ హాజరు నూటికి నూరు ఉండాలి. ఇంట్లో ఎంత కష్టమొచ్చినా ఆ రోజులు మాఫీ కావు, తర్వాత నిలబడి చేసి తీర్చాల్సిందే. ఇది తెలియక చాలామంది పిల్లలు రెండింటికీ కలిపి "క్షమించండి" అని వ్రాస్తారు. గడువు దొరికిందని ఊరుకుంటారు, కోర్సు చివర డ్యూటీ లెక్క తగ్గి నిలిచిపోతారు.

ఇంకొకటి, ఉత్తరం గడువు దాటకముందే పోవాలి. ఆదివారం పొద్దున్నే పంపించినాము. దాటిన తర్వాత పోతే అదే సంగతి సాకులాగా కనిపిస్తుంది.

సోమవారం మేడమ్ పిలిపించి మాట్లాడింది. వారం గడువు ఇచ్చింది. అప్పుడే తెలిసింది, ఆ పేషెంటు శుక్రవారం మధ్యాహ్నమే డిశ్చార్జి అయి ఇంటికి పోయినాడంట. తోటి పిల్ల మాట విని ఉంటే, మంచంలో లేని మనిషికి శుక్రవారం సాయంత్రం బీపీ వ్రాసి ఉండేది. వార్డు రికార్డుతో పక్కన పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో బయటపడేది. మేడమ్ మూడు రోజులదే తీసుకుంటానని, ఫలితం దగ్గర "చూడటానికి ముందే డిశ్చార్జి అయినారు" అని ఉన్నదున్నట్టు వ్రాయమని చెప్పింది. బదులు డ్యూటీ చేసే రెండు రోజుల్లో ఇంకో పేషెంటుకు చిన్న కేర్ ప్లాన్, ఫలితం దాకా, చేసి ఇవ్వమంది. పిల్ల రెండూ ఇచ్చింది.

వాళ్ళ నాయన ఇప్పుడు గుడియాత్తంలో ఇంట్లోనే ఉన్నాడు. మాట తేటపడింది. చెయ్యి ఇంకా నాడె పట్టేటంత రాలేదు. మొన్న చూడటానికి పోతే ఆ పిల్ల బీపీ చూసి నోటు పుస్తకంలో వ్రాస్తూ ఉంది. ఒక రోజు ఖాళీగా ఉంది. ఏమ్మా అంటే, "ఆ రోజు నాకు డ్యూటీ పెదనాన్నా, చూసేవాళ్ళు లేరు" అనింది.