ఇజాజత్‌నామా ఎవరి పేరున, ఏ పత్తాకు?

అమ్మీకి ఫాలిజ్ పడ్డాక కుడి చేయి, కుడి కాలు పనిచేయడం మానేశాయి. ముక్కులో గొట్టం, దాంట్లోంచే పాలు, గంజి. నర్సులుండే హోమ్‌లో కొన్ని నెలలు ఉంచుదామని మేమంతా మష్వరా చేసుకున్నాం. జిద్దా నుంచి భాయిజాన్ ఒక హైదరాబాద్ హోమ్ వెబ్‌సైట్ పంపి, "డిపాజిట్ లక్షన్నర. ఈ రోజే వేసేస్తా, నువ్వొకసారి చూసి చెప్పు" అన్నాడు.

చూశాను. పేజీ అడుగున ముద్రల వరస ఉంది: ఐఎస్‌ఓ, ఉద్యమ్, జీఎస్టీ, ఎన్‌జీఓ దర్పణ్. పైన "ప్రభుత్వ గుర్తింపు పొందినది" అని పెద్ద అక్షరాలు. కానీ ఈ నాలుగింటిలో ఏదీ రోగిని ఉంచుకోవడానికి ఇజాజత్ కాదు. ఉద్యమ్ అంటే యజమాని తన కారోబార్ గురించి తానే ఆన్‌లైన్‌లో రాసిచ్చుకునే వివరం. దర్పణ్ సంస్థల నమోదు పట్టిక. జీఎస్టీ పన్ను నంబరు. ఐఎస్‌ఓ సర్టిఫికెట్‌ను ప్రైవేటు ఏజెన్సీలు ఇస్తాయి, ఐఎస్‌ఓ సంస్థ తానుగా ఎవరికీ ఇవ్వదు.

అయినా జీఎస్టీ నంబరు ఒక పనికొచ్చింది. అది 15 అక్షరాలు. మొదటి రెండంకెలు రాష్ట్రం: తెలంగాణకు 36, ఆంధ్రాకు 37. తర్వాతి పది యజమాని పాన్ నంబరే. కాబట్టి మొత్తంలో ఆరో అక్షరం చూస్తే ఆ యజమాని ఎవరో తెలుస్తుంది. T అయితే ట్రస్టు, C అయితే కంపెనీ, P అయితే ఒక వ్యక్తి. వెబ్‌సైట్ "మా ట్రస్టు ఖిద్మత్" అంటోంది, ఆరో అక్షరం మాత్రం P. gst.gov.in లో Search Taxpayer కింద నంబరు కొడితే ఒకాయన సొంత పేరు వచ్చింది. సొంతంగా నడపడం గునాహ్ కాదు. కానీ ట్రస్టు అని చెప్పుకోవడం ఎందుకు?

ఇక అసలు కాగితం. నర్సులు, గొట్టాలు, ఇంజెక్షన్లతో ఇలాజ్ చేసే చోటికి తెలంగాణలో 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. ఆంధ్రాలో ఇందుకు 2002 నాటి వేరే చట్టం ఉంది. తెలంగాణలో తాత్కాలిక సర్టిఫికెట్ ఏడాదికి, శాశ్వతమైనది ఐదేళ్లకు చెల్లుతుంది. అది ఇంకొకరికి బదిలీ కాదు. చోటు మారితే పాతది అప్పగించి కొత్తదానికి మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, యాజమాన్యం మారితే రిజిస్ట్రేషన్ అధికారులకు తెలియజేయాలి. అంటే ఇజాజత్ బోర్డు మీది పేరుకు కాదు, ఆ పత్తాకు, ఆ మాలిక్‌కు.

సర్టిఫికెట్ నాలుగు మూలలూ కనిపించేలా ఫోటో పంపమని వాట్సాప్‌లో అడిగాను. మూడో రోజుకు వచ్చింది. పేరు సరిగ్గానే ఉంది, కానీ పత్తా వాళ్ల పాత బిల్డింగ్‌ది. అమ్మీని పెట్టమంటున్నది కొత్త బ్రాంచిలో. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి దఫ్తర్‌కు ఆ నంబరు పట్టుకెళ్లాను. గుమాస్తా రికార్డు తీసి చూశాడు: ఆ నంబరు పాత చోటిదే, తాత్కాలికం, గడువు దాటిపోయింది. కొత్త పత్తాకు ఏమీ లేదు. హోమ్ మేనేజర్‌ను అడిగితే, "అప్లై చేశాం సాబ్, వచ్చేస్తుంది" అన్నాడు. దరఖాస్తు రసీదు చూపమంటే మాట మార్చాడు.

డిపాజిట్ వేయమన్న బ్యాంకు ఖాతా మూడో పేరున ఉంది. సర్టిఫికెట్‌లో ఒకరు, జీఎస్టీలో ఒకరు, ఖాతాలో ఇంకొకరు. రేపు అమానత్ వాపస్ అడగాల్సి వస్తే ఎవరి గిరేబాన్ పట్టుకోవాలి? భాయిజాన్‌కు మూడు పేర్లూ రాసి పంపాను. డబ్బు కదల్లేదు.

ఆ తర్వాత చూసిన హోమ్‌లో రిసెప్షన్ గోడ మీదే అసలు సర్టిఫికెట్ ఉంది. పత్తా, గడువు సరిపోయాయి. రసీదు కూడా అదే పేరున ఇస్తామన్నారు. డిపాజిట్ ఎన్ని రోజుల్లో వాపస్, మధ్యలో ఇంటికి తీసుకెళ్తే ఎంత కోత, ఇవి కూడా అగ్రిమెంటులో రాయించాం. "ఇంత తహ్‌ఖీఖా, శక్కా మా మీద?" అని ఆ మేనేజర్ నవ్వాడు. లేన్‌దేన్‌ను రాసిపెట్టుకొమ్మని సూరహ్ బఖరాలోనే ఉంది కదా భాయ్ అన్నాను.

ఈ కాగితం అమ్మీ పక్క తడిస్తే ఎంతసేపట్లో మారుస్తారో చెప్పదు. అది మధ్యాహ్నం ఒకసారి, ఇషా తర్వాత ఒకసారి చెప్పకుండా వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. అక్కడి బాధ్యత ఎవరిదో, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో మాత్రం కాగితం చెబుతుంది. మీ అబ్బాకు ఇలాజ్ అక్కర్లేదు, తిండీ వసతీ చాలు అంటే, ఆ ఆశ్రమం నమోదు గురించి జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమం చూసే దఫ్తర్‌లో అడగండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది. ఇవన్నీ పైసలు పంపకముందే. పంపాక అడిగితే జవాబులు నెమ్మదిస్తాయి.