ఒకే వ్రాతప్రతి రెండు వైపులా సాక్ష్యం చెప్పినప్పుడు



మంచి శుక్రవారం సిలువపై ఏడు మాటల ధ్యానం లేని సంఘం మన ప్రాంతంలో దాదాపు లేదు. అందులో మొదటి మాట లూకా 23:34లోని క్షమాపణ ప్రార్థన. పట్నంలో చదువుకుంటున్న మా సంఘ యౌవనస్థుడు ఒకడు తన ఇంగ్లీషు బైబిలులో ఆ వచనం కింది గమనికను చూపించి, "అయ్యగారూ, కొన్ని పాత ప్రతుల్లో ఈ మాట లేదంట, నిజమేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు గ్రీకు కొత్త నిబంధన పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని ఎలా చదవాలో ఈ వారం చెప్పాలనుకున్నాం.

పండితులు ఎక్కువగా వాడే నెస్లె-అలాండ్ ప్రతి తెరిస్తే ఆ ప్రార్థన ⟦ ⟧ అనే జంట బ్రాకెట్ల మధ్య కనిపిస్తుంది. యోహాను 8లోని వ్యభిచార స్త్రీ వృత్తాంతానికీ, మార్కు 16:9-20కీ ఇవే బ్రాకెట్లు పెట్టారు. ఇవి మొదట ఆ సువార్తలో వ్రాసిన మాటలు కావని సంపాదకులు తీర్మానించారనీ, అయినా చాలా పాతవి, సంఘంలో విలువగలవి గనుక పేజీలోనే ఉంచారనీ దాని అర్థం. ప్రభువు ఆ మాట పలకలేదని మాత్రం ఆ బ్రాకెట్లు చెప్పవు. లూకా కలం నుండి వచ్చిందా అన్నది ఒక ప్రశ్న, ప్రభువు నోట వచ్చిందా అన్నది మరొకటి. ఈ రెంటినీ కలిపేసినందువల్లే చాలామంది కంగారు పడుతున్నారని మా అభిప్రాయం.

ఇక వచనంలో ⸋ అనే చిన్న చదరం కనిపిస్తుంది, కొంత దూరంలో ⸌ అనే గీత. ఈ రెండింటి మధ్యనున్న మాటలు కొన్ని ప్రతుల్లో లేవని అర్థం. ఏ ప్రతుల్లో లేవో తెలియాలంటే అదే చదరం గుర్తును పేజీ అడుగున వెదకాలి. దాని పక్కన 𝔓75 (ఒక పాత పపైరస్ ప్రతి), B (నాల్గవ శతాబ్దపు వాటికన్ ప్రతి), D* మొదలైనవి వరుసగా ఉంటాయి. ఇవి ఆ మాట లేనివి. తరువాత txt అని ఉంటుంది. అంటే, ఇక్కడి నుండి చెప్పబోయే ప్రతులు పైన అచ్చువేసిన పాఠాన్నే కలిగి ఉన్నాయి అని.

ఇప్పుడు ℵ అనే హెబ్రీ అక్షరాన్ని గమనించండి. అది సీనాయి కొండ దగ్గరి మఠంలో దొరికిన నాల్గవ శతాబ్దపు ప్రతి. ఈ అక్షరం రెండు వైపులా ఉంటుంది! అచ్చుతప్పు కాదు. పక్కనున్న చుక్కగుర్తునూ అంకెనూ చూడాలి. ℵ* అంటే మొదట వ్రాసిన లేఖకుని చేయి. అంకె ఉంటే, తరువాత దిద్దినవాని చేయి. మొదటి లేఖకుడు ఆ ప్రార్థనను వ్రాశాడు. దిద్దినవాడొకడు దాన్ని తీసివేయాలని గుర్తులు పెట్టాడు. ఆ తరువాత వచ్చిన మరొకడు ఆ గుర్తులను రద్దు చేసి మాటను నిలబెట్టాడు. ఒక్క తోలు పుటమీద ముగ్గురి తీర్పులు! D సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. మొదటి లేఖకుడు వ్రాయలేదు, దిద్దినవాడు చేర్చాడు. చుక్కగుర్తును విడిచి "సీనాయి ప్రతిలో లేదు" అని ఎవరైనా చెబితే, వారు సగమే చదివారన్నమాట.

అదే వరుస చివర్లో Irˡᵃᵗ అని ఉంటుంది. ఐరేనియస్ సుమారు 180లో వ్రాసిన గ్రంథంలో ఈ ప్రార్థనను ఎత్తి చెప్పాడు. ఆ భాగం లాటిను అనువాదంలో మనకు మిగిలింది గనుక పైన ఆ చిన్న అక్షరాలు. అంటే, ఈ మాట ఏ నాల్గవ శతాబ్దంలోనో పుట్టింది కాదు. కాని ఒక్క విషయం. 𝔐 అనే గుర్తు వందలాది తరువాతి ప్రతులను ఒకే అక్షరంలో ఇముడుస్తుంది. కాబట్టి ఏ వైపు గుర్తులు ఎక్కువున్నాయో లెక్కబెట్టి ఓట్లలా తేల్చడం కుదరదు.

ఈ వరుసలు ఎవరు వ్రాశారో చెబుతాయి, ఎందుకు తీశారో చెప్పవు. యెరూషలేము నాశనమయ్యాక, యూదులకు క్షమాపణ లేదనుకున్న లేఖకుడు తీసేశాడా? లేక స్తెఫను ప్రార్థనను చూసి ఎవరైనా ఇక్కడ చేర్చారా? రెండు వాదనలూ ఉన్నాయి. మేమైతే మొదటిదానికే మొగ్గుతాం. శత్రువులను క్షమించమనే మాటను చేర్చడంకన్నా కొట్టివేయాలనే శోధన మనుష్యులకు ఎక్కువ. ఇది మా ఊహ మాత్రమే, పేజీ అడుగున వ్రాసి ఉన్నది కాదు.

ఆ అబ్బాయికి ℵ* చూపించాం. వచ్చే మంచి శుక్రవారం మొదటి మాట మీద వాక్యం చెప్పేది అతనే.