నలభై మూడో పేరు

మొన్న వేసవిలో మా అక్క పెండ్లి అయింది. దానికి వారం ముందు చంద్రగిరి నుంచి మా తాత అక్కకు ఒక ఉత్తరం పంపించాడు. లాంగ్ నోట్‌బుక్కులోంచి చించిన కాయితాల మీద, రెండు వైపులా, మార్జిన్ కూడా వదలకుండా రాసిన ఉత్తరం. అక్క ఒప్పుకున్నాకే ఇక్కడ ఇస్తున్నాను. పేర్లు తీసేశాను. తాత మాటలు మాత్రం ముట్టుకోలేదు. మా పక్క చెనిక్కాయలంటే వేరుశనక్కాయలు, అవ్వంటే నానమ్మ. ఇంతకుమించి అర్థాలు అక్కర్లేదనుకుంటా.

*

చంద్రగిరి

చి.ల.సౌ. అమ్మణ్ణికి తాత దీవించి రాసేది ఏమంటే,

ఇక్కడ నేను బాగుండాను. మోకాళ్ళు తప్ప. నీ పెండ్లి పత్రిక అందింది. బాగా అచ్చేయించినారు. కింద చిన్నక్షరాలతో ‘చదివింపులు స్వీకరించము, మీ రాకే మాకు కానుక’ అని ఉంటే అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివినాను. తప్పు పట్టడానికి కాదు. ఆ మాట చూసినాక ట్రంకు పెట్టె తెరిచి మా చదివింపుల పుస్తకం బయటికి తీసినాను. దాని గురించే ఈ ఉత్తరం.

మా పెండ్లి 1972లో, ఇదే ఇంటి ముందర, పందిట్లో జరిగింది. పందిట్లోంచి చూస్తే కోట కొండ కనపడేది. మీ అవ్వ వాళ్ళది పీలేరు దగ్గర పల్లె. పెండ్లికూతురి వాళ్ళంతా మీటర్ గేజ్ రైల్లో పాకాల దాకా వచ్చి, అక్కడ బండి మారి చంద్రగిరిలో దిగినారు. నేనప్పుడు చెనిక్కాయల మిల్లులో గుమాస్తా. నెలకు తొంభై రూపాయలు.

తలంబ్రాలు అయినాక చదివింపులు మొదలయ్యేవి. మా ముందర ఇత్తడి తట్ట పెట్టినారు. పక్కన చాప మీద ఒకాయన నాలుగు మూలలా పసుపు పూసిన పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. ఇంకొకాయన గొంతు పెద్దది. ఎవరు ఏం ఇచ్చినా ఆయన పందిరంతా వినిపించేట్టు చదివేవాడు, ‘ఫలానా ఊరి ఫలానా వాళ్ళు పెండ్లికొడుక్కి అయిదు రూపాయలు’ అని. ఇట్లా పైకి చదువుతారు కాబట్టే దానికి చదివింపులని పేరు. పెండ్లికొడుకు పక్కది ఒక లెక్క, పెండ్లికూతురి పక్కది ఒక లెక్క. రెండూ కలపకూడదు. ఆ డబ్బు ఆ అమ్మాయిది.

ఆ రోజు ఒక ముసలాయన తట్టలో ఒక రూపాయి వేసినాడు. గొంతు పెద్దాయన ‘ఒక్క రూపాయి’ అని సాగదీసి చదివినాడు. పందిట్లో నలుగురు నవ్వినారు. నేనూ నవ్వినాను అమ్మణ్ణీ, పెండ్లికొడుకు అలంకారంలో కూర్చుని. ఆ ముసలాయన లేచి వెళ్ళిపోయినాడు.

ఆ రాత్రి మీ అవ్వ నాతో మాట్లాడిన మొదటి మాట ఏమో తెలుసా? ‘ఆయన అన్నం తిన్నాడా?’ అనింది. ఎవరు అన్నాను. ‘రూపాయి ఇచ్చినాయన’ అనింది. నాకు తెలీదు. నేను చూడలేదు. ఆమె తలొంచుకుని కూర్చుని కూడా చూసింది.

కాబట్టి చదివింపులు వద్దని నువ్వు రాసినదాంట్లో న్యాయం లేకపోలేదు. ఇయ్యలేక పెండ్లికే రాకుండా పోయినవాళ్ళను నేను ఎరుగుదును. నా తమ్ముడే అప్పు చేసి చదివించి, ఆ అప్పుకు వడ్డీ కట్టినాడు.

మీ అవ్వకు చదువు రాదు. వేలిముద్రే. ఏ ఇంటి నుంచి పెండ్లి పత్రిక వచ్చినా నేను పుస్తకం తీసి చదివేవాడిని, ఆమె వినేది. ఎన్నోసార్లు వినీ వినీ వరస నెంబర్లతో సహా ఆమెకు నోటికొచ్చేసినాయి. వాళ్ళు ఇచ్చినదానికి కొంచెం ఎక్కువ చేర్చి ఇయ్యాలనేది. అయిదు వచ్చింటే అయిదే తిరిగి ఇయ్యకూడదు. ‘సరిగ్గా ఇస్తే లెక్క తేలిపోయిందని అర్థం, ఇంక మీ ఇంటికి మేము రాము అన్నట్టు’ అనేది. ఆ ఎక్కువ ఇచ్చిన రూపాయి మళ్ళీ వాళ్ళ దగ్గర మన బాకీగా నిలబడుతుంది. వాళ్ళు మన ఇంటికి రావాల్సిందే. గుమాస్తాకు బాకీ తీరితే సంతోషం. మీ అవ్వకు బాకీ నడుస్తా ఉంటే సంతోషం.

మా పుస్తకంలో 118 పేర్లు ఉండాయి. నలభై మూడోది పాకాల అత్తది. ‘రూ. 2, బెల్లం దిమ్మె 1’ అని ఉంటుంది. 1985లో ఆ అత్త కూతురి పెండ్లి వచ్చింది. ఆ ఏడు వాన లేదు. మన చేనిలో చెనిక్కాయలు విత్తనానికి కూడా రాలేదు. మిల్లు వారానికి మూడు రోజులే ఆడేది. నేను పుస్తకం చూసి, రెండుకు అయిదు ఇస్తే ఎక్కువే అన్నాను.

‘ఏమయ్యా, మన పెండ్లప్పుడు ఆమె కూలికి చెనిక్కాయలు ఒలిచేది. వేలి గోళ్ళు అరిగిపోయి ఉండె. ఆ రెండు రూపాయలకు ఎన్ని తట్టలు ఒలిచిందో నీ పుస్తకంలో రాసుకున్నావా?’ అనింది.

రాసుకోలేదు. ఆమె ఒలిచిన కాయలు మా మిల్లుకే వచ్చేవి. ఎన్ని మూటలు వచ్చినాయో రాసింది నేనే. అయినా నాకు తట్టలేదు. మిల్లు ఆసామి మా పెండ్లికి 51 ఇచ్చినాడని నలుగురికీ చెప్పుకున్నవాడిని, ఈమెకు అయిదు చాలన్నాను.

మీ అవ్వ 51 రూపాయలు చదివించింది. దీపావళికని దాచుకున్న కొత్త చీర కూడా ఆ పిల్లకు పెట్టింది. పాకాల నుంచి తిరిగొచ్చే రైల్లో నేను ఆమెతో మాట్లాడలేదు. ఇంటికొచ్చినాక కూడా రెండు రోజులు మాట్లాడలేదు.

2009లో నాకు తిరుపతిలో ఆపరేషన్ అయింది. నువ్వు చిన్నదానివి. పదకొండు రోజులు మంచం మీద ఉండాను. రోజూ పొద్దున ఒకామె పాకాల నుంచి బస్సులో క్యారియర్ పట్టుకుని వచ్చేది. నాకు రాగి జావ, మీ అవ్వకు అన్నం. మూడో రోజు మీ అవ్వను మెల్లిగా అడిగినాను, ఎవరు ఈమె అని. ‘నలభై మూడో పేరు కూతురు’ అనింది. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. ఎప్పుడైనా దెప్పొచ్చు కదా, అదీ లేదు.

నీ పెండ్లికి ఆమె వస్తుంది. ఇప్పుడు అరవై దాటింటుంది. మడిచిన నోటు ఏదో నీ చేతిలో పెట్టబోతుంది. పత్రికలో వద్దని రాసినాం కదా అని నవ్వుతా ఆమె చెయ్యి వెనక్కి తొయ్యొద్దు. తీసుకో. ఆమె ఇంట్లో ఏ శుభకార్యం ఉన్నా నువ్వూ నీ మొగుడూ కలిసి పోండి. ఫోన్‌పేలో పంపి సరిపెట్టొద్దు.

ఇంకొక సంగతి. దీన్ని మీ నాయనకు కూడా చెప్పలేదు.

మా పెండ్లికి ఒక షావుకారు దగ్గర 1500 రూపాయలు అప్పు తెచ్చినాను, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే నా తొంభైలో ముప్ఫై వడ్డీకే పోవాల. నా పక్క చదివింపులు 566 వచ్చినాయి. మీ అవ్వ పక్కవి 184. అది ఆమె కొంగున కట్టుకుని ఉండె.

పెండ్లైన ఆరో రోజు శ్రీనివాసమంగాపురం పోయినాము. కొత్త దంపతులు ఆర్నెల్లు కొండెక్కకూడదంటారు కదా. స్వామి పద్మావతమ్మను చేసుకున్నాక ఆర్నెల్లు అగస్త్యుడి ఆశ్రమంలో ఉండిపోయినాడని, ఆ చోటే అదని మనవాళ్ళ నమ్మకం. ఇప్పుడున్నంత జనం అప్పుడు లేరు. దండం పెట్టుకుని వస్తా ఉంటే నా మొహం చూసి ఏమని అడిగింది. అప్పు సంగతి చెప్పినాను. నవ్వింది. ‘స్వామే కుబేరుడి దగ్గర అప్పు చేసి పెండ్లి చేసుకున్నాడు, ఇంకా కడతానే ఉండాడు. మనదెంత?’ అనింది. దారిలోనే కొంగు ముడి విప్పి డబ్బు నా చేతిలో పెట్టింది. లెక్క పెట్టి కూడా ఇయ్యలేదు.

నా 566, ఆమె 184. సరిగ్గా 750. సగం అప్పు తీరిపోయింది. వడ్డీ నెలకు పదిహేనుకు దిగింది. మిగతాది తీర్చడానికి నాలుగేళ్ళు పట్టింది.

నేను గుమాస్తాను అమ్మణ్ణీ. చాకలికి వేసిన బట్టలు కూడా రాసిపెట్టుకునేవాడిని. ఆ 184 మాత్రం ఎక్కడా రాయలేదు. పెండ్లాం డబ్బు అప్పెట్లవుతుందని అనుకున్నాను. ఆమె అడగలేదు. అడగలేదు కాబట్టి మరిచిపోయిందని అనుకున్నాను. 118 పేర్లు నోటికి చెప్పే మనిషి తన డబ్బు మరిచిపోతుందా?

ఆమె పోయి రెండేళ్ళు. మొన్న పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివినాను. సగం పేర్లు ఎవరివో నాకు తెలీలేదు. ‘రేణిగుంట చిన్నబ్బ, రూ. 3’ అని ఉంది. ఎవరాయన? ఉండాడా, పోయినాడా? పిల్లలుండారా? చూసి చదవడానికి అక్షరాలు నా దగ్గర ఉండాయి. మనుషులు ఆమె దగ్గర ఉండిరి. ఆమె బతికుండగా ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి, ఒక్కొక్క పేరు పక్కన ఎవరు ఏమవుతారో రాసుకుని ఉంటే సరిపోయేది. యాభై ఏళ్ళలో ఆ ఒక్క సాయంత్రం నాకు దొరకలేదు.

పెండ్లైనాక మీ ఇద్దరికీ వందలమంది కొత్తవాళ్ళు చుట్టాలవుతారు. నీ పక్కవాళ్ళు ఎవరెవరో అతనికి చెప్పు, అతని పక్కవాళ్ళను అడిగి తెలుసుకో. మన ఇండ్లలో ఈ పని ఆడవాళ్ళదే అని వదిలేసినాము. నేనూ వదిలేసినాను. మీరట్లా చెయ్యొద్దండి. ఇద్దరికీ తెలిసుండాల.

ఈ ఉత్తరంతో పాటు ఒక కవరు పెట్టినాను. దాంట్లో 185 రూపాయలు ఉండాయి. వడ్డీ లెక్క కడితే నేను చేను అమ్మాల్సి వస్తుంది, దానికి మీ అవ్వే ఒప్పుకోదు. 184 ఆమెది. సరిగ్గా ఇస్తే లెక్క తేలిపోతుందని ఆమె మాట కదా, అందుకని ఒకటి ఎక్కువ పెట్టినాను. ఆమెకు ఇయ్యలేకపోయినాను, నువ్వు తీసుకో. నీ కొత్త పుస్తకంలో మొదటి పేరు మీ అవ్వది రాసుకో.

ఆ రోజు పందిట్లో దీన్ని మాత్రం ఎవరూ పైకి చదవొద్దు.

ఇట్లు,
మీ తాత